కట్ దగ్గర, ముఖం ఫ్రేములోంచి వెళ్లి తిరిగి వచ్చిన చోట తప్పు ముఖం మెరవకుండా చూడడం ఎలా?

ప్రశ్న: ఒక డాక్యుమెంటరీలో ఇద్దరు సాక్షుల ముఖాలను వారి గోప్యత కోసం ఇద్దరు వాలంటీర్ల ముఖాలతో మారుస్తున్నాను. షాట్ మధ్యలో అంతా బాగుంటుంది. కట్ పడిన వెంటనే, లేదా ఒకరు ఫ్రేములోంచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు రెండు మూడు ఫ్రేముల పాటు ఒకరి ముఖం మరొకరికి పడుతోంది, ఒక్కోసారి అసలు ముఖమే కనిపిస్తోంది. డిటెక్టర్ త్రెషోల్డ్ ఎంత మార్చినా పోవడం లేదు. ఏం చేయాలి?

సమాధానం:

త్రెషోల్డ్ మార్చడం వల్ల ఇది పోదు. "ఈ ముఖం ఎవరిది" అన్న నిర్ణయాన్ని ఫ్రేము ఫ్రేముకూ తీసుకోవడం మానేసి, ఒక షాట్‌లో ఒక ముఖం మొదటిసారి కనిపించిన దగ్గర నుంచి మాయమయ్యే దాకా ఉన్న ముక్క మొత్తానికి ఒక్కసారే తీసుకోవాలి. అది కూడా షాట్ అంతా చూశాకే తీసుకోవాలి. అంటే పనిని రెండు విడతలుగా విడదీయాలి. మొదటి విడతలో ఏ పిక్సెలూ మార్చకుండా ముఖాలను పట్టుకుని, ముక్కలుగా కట్టి, ప్రతి ముక్కకూ పేరు పెట్టి ఒక ఫైలులో రాసుకుంటారు. రెండో విడతలో ముఖం మార్చే మోడల్ ఆ ఫైలు చెప్పినట్టు చేస్తుందే తప్ప తానుగా ఎవరినీ గుర్తుపట్టదు. పేరు తేలని ముక్కకు బ్లర్ పడాలి. అసలు ముఖం ఎప్పుడూ డిఫాల్ట్ కాకూడదు.

ఇలా ఎందుకంటే, ముఖ గుర్తింపు మోడళ్లు ఎదురుగా ఉన్న ముఖాన్ని బాగా పట్టుకుంటాయి కానీ పక్కకు తిరిగిన ముఖం, కదలికలో చెదిరిన ముఖం, ఫ్రేము అంచున సగం తెగిన ముఖం వచ్చేసరికి వాటి అంచనా బలహీనపడుతుంది. ఒక మనిషి ఫ్రేములోకి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ ముఖం సరిగ్గా అలాంటి స్థితిలోనే ఉంటుంది. మీ వీడియోలో తప్పులన్నీ అక్కడే పడుతున్నది ఇందుకే. సమాచారం అతి తక్కువగా ఉన్న ఫ్రేమును పట్టుకుని అప్పటికప్పుడు తీర్పు చెప్పమంటే అది తప్పే చెబుతుంది. అదే ముక్కలో పది ఫ్రేముల తరువాత ఆ మనిషి కెమెరా వైపు తిరిగి ఉంటే, తీర్పు అక్కడ తీసుకుని వెనక్కి వర్తింపజేయవచ్చు. మీరు చేస్తున్నది లైవ్ ప్రసారం కాదు కనుక తరువాత రాబోయే ఫ్రేములను చూసే వెసులుబాటు మీకు ఉంది.

నేను చేసిన ఒక పని మీ పనికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని మీదే వివరిస్తాను. సాక్షులు ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ముఖాలు ఇచ్చినవారు ఇద్దరు వాలంటీర్లు. నలుగురూ రాతపూర్వకంగా అంగీకరించాకే ఫుటేజ్ నా చేతికి వచ్చింది. అక్కాచెల్లెళ్ల పోలికల వల్ల పని కష్టమైంది. ఆర్క్‌ఫేస్ తరహా ముఖ గుర్తింపు మోడల్ ప్రతి ముఖానికీ 512 అంకెల వెక్టర్ ఇస్తుంది, రెండు వెక్టర్ల మధ్య కొసైన్ విలువను పోలికగా తీసుకుంటాము. బంధుత్వం లేని ఇద్దరి మధ్య ఈ విలువ మామూలుగా సున్నాకు దగ్గర్లో ఉంటుంది. ఈ అక్కాచెల్లెళ్ల మధ్య మాత్రం 0.38 వచ్చింది. అందుచేత 0.40 దాటితే ఫలానా మనిషి అన్న ఒక్క నియమంతో వీరిని వేరు చేయడం కుదరలేదు.

కట్ దగ్గర మొదటి తప్పు

ఇద్దరినీ ఒకే కుర్చీలో, ఒకే వెలుతురులో, కెమెరా స్టాండు కదపకుండా విడివిడిగా ఇంటర్వ్యూ చేశారు. ఎడిటర్ చెల్లెలి మాట మధ్యలోంచి నేరుగా అక్క మాటకు కట్ చేశారు. గోడ, కుర్చీ అవే, దుస్తుల రంగులు కూడా దగ్గరగా ఉన్నాయి. రంగుల మార్పును చూసి కట్లు పట్టే సాధనం దాన్ని కట్‌గా గుర్తించలేదు. ముఖం చుట్టూ గీసిన పెట్టె ముందు ఫ్రేములోనూ తరువాతి ఫ్రేములోనూ దాదాపు ఒకే చోట ఉండడంతో ట్రాకర్ కూడా అదే మనిషి కొనసాగుతోందనుకుంది. ఫలితంగా అక్క మాట్లాడిన మొదటి వాక్యం మొత్తం చెల్లెలికి ఇచ్చిన ముఖంతో వెళ్లింది. ఇది రెండు మూడు ఫ్రేముల మెరుపు కాదు, ఏకంగా ఆరు సెకన్లు. అది చూసిన రోజు నుంచి నేను కట్ల జాబితా ఒక్కదాన్నే నమ్మడం మానేశాను.

దీనికి ఇప్పుడు నేను చేసేది ఏమిటంటే, ఒక ముక్క లోపల వరుస ఫ్రేముల వెక్టర్లను ఒకదానితో ఒకటి పోలుస్తాను. ఒకే మనిషి ముఖం 40 మిల్లీసెకన్లలో పెద్దగా మారదు కనుక, ముఖం స్పష్టంగా ఉన్నంతసేపూ పక్కపక్క ఫ్రేముల మధ్య పోలిక ఆ ఫుటేజ్‌లో 0.85కు పైనే ఉండేది. ఆ కట్ దగ్గర అది ఒక్కసారిగా 0.36కు పడింది. ముఖం రెండు వైపులా స్పష్టంగా ఉండి కూడా విలువ అలా పడిపోతే, కట్ సాధనం ఏం చెప్పినా సరే, ముక్కను అక్కడ తెంచేస్తాను. ముఖం పక్కకు తిరుగుతున్నప్పుడు, చేయి అడ్డు వచ్చినప్పుడు కూడా విలువ పడుతుంది కాబట్టి కొన్ని అనవసరపు తెంపులు వస్తాయి. వాటివల్ల నష్టం లేదు. ఒకే మనిషి రెండు ముక్కలైతే రెండింటికీ ఒకే పేరు వస్తుంది, అంతే. ఇద్దరు మనుషులు ఒక ముక్కగా అతుక్కుపోతే మాత్రం ఇక ఏ సగటూ దాన్ని బాగుచేయలేదు. కట్ గుర్తించే సాధనాన్ని కూడా ఇదే లెక్కన ఎక్కువ కట్లు పట్టేలా, అవసరమైతే లేని కట్లు కూడా పట్టేలా అమర్చుకోవడం మంచిది.

రెండో తప్పు చాలా చిన్నది, కానీ సరిగ్గా ఒక ఫ్రేము మెరుపు చాలామందికి దీనివల్లే వస్తుంది. ఫోనుతో తీసిన వీడియోలో ఫ్రేముల మధ్య వ్యవధి సమానంగా ఉండదు. కట్లను సెకన్లలో రాసుకుని ఆ తరువాత 25తో గుణించి ఫ్రేము సంఖ్యగా మార్చుకుంటే అక్కడక్కడ ఒక ఫ్రేము అటూ ఇటూ అవుతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు వీడియోను స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చి, అక్కడి నుంచి ప్రతి దశలోనూ ఆ మార్చిన ఫైలునే వాడాలి.

```
ffmpeg -i in.mp4 -vf fps=25 -c:v libx264 -crf 12 -c:a copy work.mp4
scenedetect -i work.mp4 detect-adaptive list-scenes
```

ఇక్కడ ఇంకొక గుంట ఉంది. `list-scenes` రాసే పట్టికలో ఫ్రేములను 1 నుంచి లెక్కిస్తారు. మీ పైథాన్ కోడు ఫ్రేములను చదివేటప్పుడు లెక్క బహుశా 0 నుంచి మొదలవుతుంది. ఆ ఒకటి తీసేయకపోతే ప్రతి కట్ తరువాతా మొదటి ఫ్రేము పాత షాట్‌కు చెందుతుంది, పాత షాట్‌లోని మనిషి ముఖం కొత్త షాట్‌లోని మనిషికి ఒక ఫ్రేము పాటు పడుతుంది. మీ మెరుపులు ప్రతి కట్ దగ్గరా ఖచ్చితంగా ఒక్క ఫ్రేమే ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

కట్ పడిన చోట ట్రాకర్ ఒక్కదాన్నే కాక, గత ఫ్రేము నుంచి ఏదైనా మోసుకొచ్చే ప్రతి దాన్నీ ఖాళీ చేయాలి. కళ్లు, ముక్కు బిందువులు వణకకుండా సర్దే ఫిల్టర్, చర్మం రంగు కలిపే సగటు, మాస్కు అంచును మెత్తబరిచే సగటు, ఇవన్నీ వెనకటి ఫ్రేములను గుర్తుపెట్టుకుంటాయి. పేరు సరిగ్గా పడినా కొత్త షాట్ మొదటి మూడు నాలుగు ఫ్రేములలో ముఖం పాత చోటి నుంచి జారుతూ వచ్చినట్టో, పాత షాట్ రంగు అంటుకున్నట్టో కనిపిస్తే కారణం ఈ మూడింటిలో ఒకటి.

వెళ్లి తిరిగి వచ్చిన ముఖం

ఇప్పుడు అదే చిత్రంలోని ఒక షాట్‌ను వివరంగా చూద్దాము. అది 1012 నుంచి 1131 వరకు 120 ఫ్రేములు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. అక్క లేచి 1047వ ఫ్రేముకు ఎడమ అంచులోంచి బయటికి వెళుతుంది. కాసేపటికి అటు నుంచే తిరిగి వచ్చి, చెల్లెలి ముందు నుంచి దాటుకుని తన చోట కూర్చుంటుంది. చెల్లెలు మొదటి నుంచి చివరి దాకా కదలదు.

ఫ్రేము ఫ్రేముకూ గుర్తుపట్టే పద్ధతిలో ఇది ఇలా చెడింది. అక్క తిరిగి వచ్చేటప్పుడు డిటెక్టర్ ఆమెను 1104లో పట్టుకుంది. నిజానికి నుదురు, ముక్కు 1099 నుంచే కనిపిస్తున్నాయి కాబట్టి ఆ ఐదు ఫ్రేములలో అసలు ముఖమే తెరపైకి వచ్చింది. 1104లో ఆమె పూర్తిగా పక్కకు తిరిగి ఉంది. ఆ ఫ్రేములో అక్క పాత ఫోటోలతో పోలిక 0.29, చెల్లెలి ఫోటోలతో 0.33. ఏది ఎక్కువైతే అదే అన్న నియమం ప్రకారం నాలుగు ఫ్రేముల పాటు అక్కకు చెల్లెలికి ఇచ్చిన ముఖం పడింది. ఆ తరువాత ఆమె చెల్లెలి ముందు నుంచి దాటుతున్నప్పుడు రెండు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పడి ట్రాకర్ పేర్లను తారుమారు చేసింది.

దీన్ని సరిచేసిన తీరు ఇది. ముందుగా షాట్‌ను ముక్కలుగా విడదీశాను. ముఖం ఫ్రేము దాటి వెళ్లిన చోట ముక్క ముగుస్తుంది. రెండు పెట్టెలు పరస్పరం 0.3 కంటే ఎక్కువ కప్పుకున్న చోట రెండు ముక్కలనూ తెంచేస్తాను, ఎందుకంటే అక్కడ ట్రాకర్ మాటకు విలువ లేదు. అలా ఐదు ముక్కలు వచ్చాయి. చెల్లెలివి దాటడానికి ముందొకటి, తరువాతొకటి. అక్కవి వెళ్లక ముందొకటి, తిరిగి వచ్చి దాటే లోపు 1104 నుంచి 1107 వరకు చాలా పొట్టిదొకటి, దాటిన తరువాత 1114 నుంచి చివరి దాకా ఒకటి. దాటుతున్న ఆరు ఫ్రేములు ఏ ముక్కలోనూ లేవు, వాటి సంగతి చివర చెబుతాను.

పేరు పెట్టేటప్పుడు ముక్కలోని అన్ని ఫ్రేములనూ సమానంగా చూడను. ముఖం కెమెరా వైపు ఉండి, పెట్టె పెద్దదిగా ఉండి, చిత్రం స్పష్టంగా ఉన్న ఫ్రేములను మాత్రమే తీసుకుని, వాటి పోలికల మధ్యస్థ విలువను ఆ ముక్క విలువగా వాడతాను. చివరి ముక్కలో అక్క కూర్చుని కెమెరా వైపు చూసిన ఫ్రేములు పదకొండు ఉన్నాయి. అక్కతో పోలిక 0.61, చెల్లెలితో 0.36 వచ్చింది. 0.40 దాటాలి, రెండో మనిషి కంటే కనీసం 0.12 ముందుండాలి అన్నవి ఈ పనికి నేను పెట్టుకున్న హద్దులు. మీ ఫుటేజ్‌కు మీరే కొలిచి పెట్టుకోవాలి. ఒకే సమయంలో కనిపిస్తున్న ముక్కలన్నిటికీ కలిపి పేర్లు పంచే భాగం ఇంతే:

```python
# S[i, j]: ముక్క i కి, వ్యక్తి j కి మధ్య పోలిక
label = [None] * len(S)
rows, cols = linear_sum_assignment(1 - S)
for i, j in zip(rows, cols):
    other = np.delete(S[i], j).max()
    sure = S[i, j] > 0.40 and S[i, j] - other > 0.12
    label[i] = j if sure else None   # None అంటే బ్లర్
```

ఇక ఆ పొట్టి ముక్క. నాలుగు ఫ్రేములూ పక్క ముఖాలే, పనికొచ్చే ఫ్రేము ఒక్కటీ లేదు. పోలిక మీద ఆధారపడితే దానికి పేరు రాదు. కానీ అదే నాలుగు ఫ్రేములలో చెల్లెలి ముక్క కూడా ఉంది, దాని పేరు 0.66తో గట్టిగా తేలింది. ఒక మనిషి ఒకే ఫ్రేములో రెండు చోట్ల ఉండదు. కాబట్టి ఆ పొట్టి ముక్క చెల్లెలిది కాదు. ఆ షాట్‌లో ఇద్దరే ఉన్నారని నేను కళ్లతో చూసి ముందే రాసుకున్నందువల్ల అది అక్కదే అయింది. ఈ చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మూడో మనిషి నడిచి వచ్చే షాట్‌లో ఇదే తర్కం ఆ దారిన పోయే మనిషికి సాక్షి పేరు పెడుతుంది. అద్దం గానీ, గోడ మీద ఫోటో గానీ, వెనుక నడుస్తున్న టీవీ గానీ ఉన్న షాట్‌లో ఒక మనిషి నిజంగానే రెండు చోట్ల ఉంటుంది. అందుకే ప్రతి షాట్‌కూ ఎవరెవరు ఉన్నారు, అద్దం ఉందా లేదా అన్నది ఒక పట్టికలో చేత్తో రాస్తాను. ఆ చిత్రానికి ఈ పట్టిక రాయడానికి ఒక పూట పట్టింది, ఆదా చేసిన సమయం అంతకు ఎన్నో రెట్లు.

డిటెక్టర్ చూడని ఆ ఐదు ఫ్రేములు, 1099 నుంచి 1103 వరకు, మిగిలాయి. ఇక్కడ ట్రాకర్‌ను వెనక్కి నడపాలి. 1104లో దొరికిన పెట్టెను పట్టుకుని ఒక్కో ఫ్రేము వెనక్కి వెళుతూ, పిక్సెళ్ల కదలికను అనుసరించి, పెట్టె ఫ్రేము అంచు దాటి పూర్తిగా బయటికి పోయేదాకా కొనసాగిస్తాను. షాట్ హద్దును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటనివ్వను. ముందుకు వెళ్లే దిశలో, అంటే అక్క 1047లో బయటికి వెళ్లేటప్పుడు కూడా, డిటెక్టర్ చేతులెత్తేసిన తరువాత మిగిలిన ఫ్రేములకు ఇదే పని.

అంచున ఉన్న ముఖానికి ఏం వేయాలి

పేరు తెలిసినంత మాత్రాన ముఖం మార్చగలమని కాదు. మార్చే మోడల్‌కు రెండు కళ్లు, ముక్కు, నోటి రెండు మూలలు అనే ఐదు బిందువులు కావాలి. సగం ముఖం ఫ్రేము బయట ఉంటే ఆ బిందువులు ఊహలే అవుతాయి, మార్చిన ముఖం వంకరగా అతుక్కుంటుంది. ఫ్రేము చుట్టూ ఐదో వంతు వెడల్పు అంచును జోడించి ఆ పెద్ద చిత్రం మీద డిటెక్టర్‌ను నడిపితే అంచు దగ్గరి ముఖాలు ఇంకొన్ని ఫ్రేముల పాటు నిలబడతాయి. అది కూడా ఒక హద్దు వరకే. రెండో కన్ను ఫ్రేము దాటిన క్షణం నుంచి నేను ముఖం మార్చడం ఆపి, అనుసరిస్తున్న పెట్టె మీద బ్లర్ వేస్తాను. దాటుతున్న ఆ ఆరు ఫ్రేములకూ అదే చేశాను. ఇద్దరి తలలూ కలిసిన ప్రాంతమంతా ఒకే బ్లర్ కిందికి వచ్చింది. కదలిక వేగంగా ఉన్నందువల్ల చూసేవారికి అది కంటిలో పడలేదు.

ఇక్కడ మీ రెండో ఫిర్యాదుకు, అంటే అసలు ముఖం కనిపించడానికి, మూలం ఉందని నాకు గట్టి అనుమానం. ముఖం మాయమవుతున్నప్పుడు ఒక్కసారిగా తెగినట్టు ఉండకుండా చాలా సాధనాలు మార్చిన ముఖాన్ని నాలుగైదు ఫ్రేములలో మెల్లగా పలచబరుస్తాయి. దాని కింద నుంచి పైకి వచ్చేది అసలు ఫ్రేమే. సగం పలచబడిన ఫ్రేమును ఆపి చూస్తే సాక్షిని తెలిసినవారు గుర్తుపడతారు. పలచబరచడం మార్చిన ముఖానికీ బ్లర్‌కూ మధ్య జరగాలి, మార్చిన ముఖానికీ అసలు ముఖానికీ మధ్య జరగకూడదు. కోడులో ఇది ఒక్క చరరాశి మార్పు. కింది పొరగా అసలు ఫ్రేమును కాక, ముందే బ్లర్ వేసిన ఫ్రేమును ఇవ్వాలి.

డిజాల్వ్‌ల విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది. వాటితో పోరాడవద్దు. రెండు షాట్లు ఒకదానిలో ఒకటి కరుగుతున్న చోట డిటెక్టర్‌కు ఒకే చోట రెండు దెయ్యపు ముఖాలు కనిపిస్తాయి, ఏది పట్టుకుంటుందో చెప్పలేము. ఎడిటర్‌ను అడిగి డిజాల్వ్‌లు లేని విడి క్లిప్పులు, రెండు చివరలా డిజాల్వ్‌కు సరిపడా అదనపు ఫ్రేములతో తీసుకోండి. ముఖాలు మార్చి తిరిగి ఇస్తే డిజాల్వ్ వారే వేస్తారు. విడి క్లిప్పులు దొరకని పక్షంలో ఆ కొన్ని ఫ్రేములకు ఇరువైపుల షాట్లలోని ముఖాల చోట్లు రెండింటి మీదా బ్లర్ వేయడం తప్ప మంచి మార్గం నాకు తెలిసి లేదు.

తనిఖీ

పూర్తయిన వీడియోను మామూలు వేగంతో చూసి సరేననుకోవద్దు. సెకనుకు 25 ఫ్రేములలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు మాత్రమే, కట్ దగ్గర కన్ను దాన్ని సులువుగా వదిలేస్తుంది. కానీ ఎవరైనా ఆ వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున జరిపి చూడవచ్చు.

నేను చివరి ఫైలు మీద మళ్లీ ముఖాలు పట్టించి, దొరికిన ప్రతి ముఖాన్నీ అక్కాచెల్లెళ్ల అసలు ఫోటోలతోనూ వాలంటీర్ల ఫోటోలతోనూ పోలుస్తాను. ఆ ముక్కకు రాసిన పేరు ప్రకారం రావలసిన వాలంటీర్ కాకుండా ఇంకెవరు ముందుకు వచ్చినా ఆ ఫ్రేము ఒక జాబితాలో చేరుతుంది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ముఖం మార్చే మోడళ్లలో చాలావాటికి ఎవరి ముఖం వేయాలో చెప్పేది ఆర్క్‌ఫేస్ వెక్టరే. అదే మోడల్‌తో తనిఖీ చేస్తే, మార్చిన ముఖం మన కంటికి సాక్షిలా మిగిలిపోయినా, వాలంటీర్‌తో ఎక్కువ పోలిక చూపించి గట్టెక్కేస్తుంది. తనిఖీకి వేరే సమాచారంతో, వేరే పద్ధతిలో నేర్పిన ఇంకొక గుర్తింపు మోడల్‌ను వాడాలి. తొలిసారి అలా చేసినప్పుడు మొదటి మోడల్ బాగున్నాయన్న ఫ్రేములలో పదిహేడింటిని రెండోది పట్టించింది. అందులో పదకొండు, మనిషి తల దించుకుని ఉన్నప్పటివి.

డిటెక్టర్‌కు దొరకని ముఖం ఈ తనిఖీలో కూడా దొరకదు కాబట్టి చివరి పని కళ్లతోనే. ప్రతి కట్‌కు ముందు రెండు ఫ్రేములు, తరువాత మూడు ఫ్రేములు, అలాగే ప్రతి ముక్క మొదటి, చివరి ఫ్రేములకు అటూ ఇటూ మూడేసి తీసి, ఇరవై చొప్పున ఒక షీట్‌గా పేర్చి చూస్తాను. ఆ చిత్రంలో దాదాపు 600 కట్లు ఉన్నాయి, అంటే కట్ల వరకే 150 షీట్లు. రెండు గంటల లోపు పని. అద్దంలో పడిన చెల్లెలి ప్రతిబింబానికి బ్లర్ వేయడం మరిచిపోయిన ఒక షాట్ నాకు అక్కడే, ఆ షీట్లలో తొంభయ్యోదాని మూలన, ఫైలు పంపడానికి ముందు రోజు దొరికింది.